మండువా కేఫ్‌లో ముసురు పట్టిన సాయంత్రం: లోపలి వాతావరణానికి ప్రాంప్ట్

నిజమైన ఫొటోలా కనిపించే కేఫ్ లోపలి దృశ్యం కావాలి. చోటు కోనసీమ. పంట కాలువ గట్టున ఉన్న పాత మండువా లోగిలిని కేఫ్‌గా మార్చారు. శ్రావణమాసం, సాయంత్రం నాలుగు గంటలు. పొద్దున పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువాలోకి సన్నగా వాన పడుతోంది. దాని నాలుగు వైపులా వసారాల్లో చెక్క బల్లలు, వాటి మీద వేలాడే దీపాలు. బయట చల్లగా ఉంది, లోపల కాఫీ వేడిగా ఉంది. బొమ్మంతా ఈ తేడా మీదే నిలబడాలి.

కెమెరా ఒక మూల బల్ల దగ్గర కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, నేల నుంచి సుమారు 110 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. 35 మి.మీ. లెన్స్, ఎఫ్ 2.8. ఫోకస్ ఎదుట ఉన్న ఇత్తడి గ్లాసు అంచు మీద పడాలి. మండువా కొంచెం మెత్తబడాలి, అవతలి కిటికీ ఇంకాస్త మెత్తబడాలి, అయితే ఏది ఏమిటో పోల్చుకోగలగాలి. పైనుంచి చూస్తున్నట్టు వద్దు. ఈ బొమ్మ చూసేవాళ్లకి తామే ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టు అనిపించాలి.

ఎదుటి బల్ల పాత టేకు తలుపుతో చేసింది. నడిమి పలకలో తామరపువ్వు చెక్కడం సగం అరిగిపోయింది. గొళ్లెం ఊడదీసిన చోట రెండు చిన్న రంధ్రాలు అలాగే మిగిలాయి. చేతులు ఆనే అంచు నున్నబడి, తేనె రంగుకి తిరిగింది. గ్లాసులు పెట్టీ తీసీ పడిన తడి గుండ్రాలు రెండు కనిపించాలి, అందులో ఒకటి సగం ఆరినట్టుండాలి. అద్దంలా మెరిసే పాలిష్ వద్దు. ఇంట్లో నాలుగు తరాల వాళ్లు తోసుకుంటూ వచ్చిన తలుపు ఇది, ఆ వాడకం చెక్క మీద తెలియాలి. వెనకాల బల్లలు మామిడి చెక్కవి, సాదావి. కుర్చీలన్నీ ఒకే రకంగా ఉండక్కర్లేదు. నేల ఎర్ర గచ్చు, మండువా వైపు తడిసి ముదురు రంగులో ఉంది.

బల్ల మీద ఒక డబరా, గ్లాసు, పక్కన తెల్ల పింగాణీ కప్పు. గ్లాసులో ఫిల్టర్ కాఫీ, పైన వేలెడు నురగ. చిన్న పళ్లెంలో ఆత్రేయపురం పూతరేకులు రెండు. ఒకటి మధ్యకి విరిచి ఉంది. పొరలు ఉల్లిపొర కంటే పల్చన, దీపం వెలుగు వాటి గుండా దూరి అవతల బెల్లం పొడి గోధుమరంగు నీడలా కనిపించాలి. పళ్లెంలో నెయ్యి మరక చిన్నది.

ఇక ఆవిరి. బొమ్మ బతికేదీ చచ్చేదీ ఇక్కడే. మన కంటికి కనిపించే ఆవిరి నిజానికి సన్నని నీటి తుంపర. వేడి కాఫీ మీద నుంచి లేచిన తేమ చల్లగాలి తగిలి సన్నని బొట్లుగా మారితే అలా తెల్లగా తేలుతుంది. కాబట్టి నురగని అంటుకుని పల్చగా మొదలై, రెండు అంగుళాలు లేచాక చిక్కబడి, ఒక పోగు ఎడమకి వంగి, జానెడు ఎత్తు దాటకముందే గాలిలో కలిసిపోవాలి. పొగ గొట్టంలో నుంచి వచ్చినట్టు దట్టమైన తెల్ల మేఘం వద్దు. వెలుగు వెనక నుంచి పడితేనే ఆవిరి బాగా కనిపిస్తుంది, అందుకని గ్లాసుకి వెనక, కొంచెం కుడి పక్కన ఒక దీపం వేలాడాలి, ఆవిరి వెనక గోడ చీకటిగా ఉండాలి. పింగాణీ కప్పు ముందే పోసింది, దాని ఆవిరి సన్నబడి ఒకే ఒక్క పోగు మిగిలింది. దూరపు బల్లల మీద ఆవిరి ఉందో లేదో అన్నట్టు ఉంటే చాలు.

దీపాలు ఐదు. ఎత్తులు సమానం కాదు, అన్నిటికంటే కిందున్నది బల్లకి 75 సెంటీమీటర్ల పైన. మూడింటికి వెదురు అల్లిక బుట్టలు, రెండింటికి ఇత్తడి మూకుళ్లు. బల్బు కళ్లలోకి కొట్టకూడదు. రంగు 2700 కెల్విన్, అంటే పాతకాలపు ఫిలమెంట్ బల్బుకి దగ్గరగా ఉండే పసుపు. వెలుగు బల్ల మీద గుండ్రంగా పడి, గోడల దాకా వెళ్లేసరికి అలిసిపోవాలి. వెదురు అల్లిక నీడలు సున్నపు గోడ మీద గళ్లుగళ్లుగా పడాలి. మండువాలోంచి దిగే మబ్బు వెలుగు నీలం కలిసిన బూడిదరంగు, దాదాపు 6500 కెల్విన్. వైట్ బ్యాలెన్స్ 4000 దగ్గర ఉంచాలి. అలా ఉంచితేనే పసుపు పసుపుగానూ నీలం నీలంగానూ మిగులుతాయి. రెండూ కలిసి ఒకే నారింజ రంగు ముద్దైపోతే ఈ బొమ్మ నాకు అక్కర్లేదు.

మొక్కలు మండువా చూరు చుట్టూ, దూలాలకి కొబ్బరి తాళ్లతో వేలాడాలి. కుండీలు కొబ్బరి పీచు బుట్టలు, ఎక్కడో ఒకచోట పీచు ఊడి కిందికి జారింది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు ఇవి, ఒక్కొక్కటీ ఒక్కో వయసుది. మనీ ప్లాంట్ తీగలు నాలుగడుగులు దిగాలి, పైన ఆకులు అరచేయంత, చివరకొచ్చేసరికి లేత రంగులో బొటనవేలంత. ఫెర్న్ గుబురుగా, కొన్ని కొసలు గోధుమరంగుకి తిరిగి ఉండాలి. స్పైడర్ ప్లాంట్ పిల్ల మొక్కలు సన్నని కాడల చివర ఊగాలి. మొక్క వెలుగు వైపు వంగుతుంది, కనుక తీగలన్నీ మండువా వైపు ఒరగాలి. ఒక పండుటాకు ఉండనివ్వండి. వాన పక్కనున్న బుట్ట అడుగున నీటిబొట్టు వేలాడుతోంది, ఇంకా రాలలేదు, అందులో దీపం తలకిందులుగా చుక్కంత కనిపించాలి. ప్లాస్టిక్ ఆకుల మెరుపు ఎక్కడా కనిపించకూడదు.

అవతలి కిటికీకి నర్సాపురం లేసు తెర. చెక్క ఊచల వెనక కాలువ. వరద రోజులు కదా, గోదారి నీళ్లు ఎర్ర మట్టి రంగులో నిండుగా పారుతున్నాయి. నీలం నీళ్లు వేస్తే ఇది మా కాలువ కాదు. నీటి మీదికి వంగిన కొబ్బరి చెట్లు రెండు చాలు. పైన గూన పెంకులు, వాసాల మధ్య కాస్త మసి.

మనుషులు ఇద్దరే. కుడి వైపు బల్ల దగ్గర పంచె కట్టుకున్న పెద్దాయన, మొహం మండువా వైపు తిరిగి ఉంది, రెండు చేతుల మధ్య గ్లాసు పట్టుకుని వాన చూస్తున్నాడు. దూరాన కాఫీ కలిపే చోట నూలు చీరలో ఒకావిడ వీపు కనిపిస్తుంది. కెమెరా వైపు నవ్వులు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు వద్దు. గోడ మీద ఏ భాషలోనూ అక్షరాలు వద్దు, వంకరపోయి పాడుచేస్తాయి. ఇటుక గోడ, నల్ల ఇనుప గొట్టాలు, నల్ల పలక మీద సుద్ద ముక్క రాతలు కూడా వద్దు. అవి ఎక్కడి కేఫ్‌లోనైనా ఉంటాయి.

కొలత 16:9. అడ్డంగా. సన్నని ఫిల్మ్ రేణువు, నీడల్లో వివరం మిగలాలి.

ఇదే బొమ్మని ఎనిమిది సెకన్ల వీడియోగా తిప్పేటప్పుడు కెమెరా కదలకూడదు. కదిలేవి నాలుగే: ఆవిరి, స్పైడర్ ప్లాంట్ పిల్లలు, మండువాలో వాన, కాలువ నీరు. మొదలూ చివరా అతుకు తెలియకుండా కలవాలి. సంగీతం వద్దు. పెంకుల మీద వాన, చూరు నీళ్లు రాతి తొట్టిలో పడే చప్పుడు, కాఫీ డబరాలోకి ఎత్తి పోసే ధార ఒక్కసారి, దూరంగా కాలువ గట్టున కప్పలు. ఆ ధార చప్పుడు ఐదో సెకనులో రావాలి, ఆ వెంటనే ఎక్కడో ఒక గ్లాసు బల్ల మీద మెల్లగా ఆనిన చప్పుడు వినిపించాలి.