జూన్ బ్యాచ్ పచ్చళ్లు, పిండివంటలు: ఏ సీసాలో ఏముంది, ఎన్నాళ్లు ఉంటుంది

అక్కలూ, అన్నలూ, నమస్తే. మారతహళ్లి నుంచి మీ పచ్చళ్ల ఆంటీని. పోయిన నెల ఆర్డర్లలో సగం మెసేజ్‌లు ఒకటే ప్రశ్న: "ఆంటీ, ఇది ఫ్రిజ్‌లో పెట్టాలా, బయట పెట్టాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఈసారి అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను. దీన్ని స్టార్ చేసి పెట్టుకోండి. సీసా మీద లేబుల్ చిన్నది, ఇంత వివరం పట్టదు.

ముందుగా అన్నిటికీ వర్తించే మాట. పదార్థాల పేర్లు ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది చివర వచ్చేలా రాశాను. దేంట్లోనూ నిల్వ మందు, రంగు కలపలేదు. అలాగని ఎన్నాళ్లయినా ఉంటుందనుకోకండి, మందు లేదు కాబట్టే తేదీ చూసుకోవాలి. తేదీ లెక్క నేను చేసిన రోజు నుంచి, మీరు మూత తీసిన రోజు నుంచి కాదు. మా వంటింట్లో వేరుశనగ, నువ్వులు, ఆవాలు, పాలు, గోధుమపిండి అన్నీ వాడతాం. వీటిలో ఏదైనా పడని వాళ్లు ఆర్డర్ పెట్టే ముందే చెప్పండి. గుడ్డు, చేప, మాంసం మా ఇంట్లో వండం. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ నంబర్ ప్రతి లేబుల్ మీదా ఉంది.

*వెల్లుల్లి ఆవకాయ*
250 గ్రాములు ₹180, 500 గ్రాములు ₹340

మామిడి ముక్కలు (టెంకతో), నువ్వుల నూనె, కారం, రాళ్ల ఉప్పు, ఆవపిండి, వెల్లుల్లి, మెంతులు.

తయారీ 2025 మే 25. వాడాల్సింది 2026 మే 24 లోపు.

కారం సగం గుంటూరు, సగం బ్యాడగి. ఘాటు మొదటిది ఇస్తుంది, ఎరుపు రెండోది ఇస్తుంది. 10 కిలోల ముక్కలకి కారం 2 కిలోలు, ఉప్పు కిలో ముప్పావు, ఆవపిండి కిలోన్నర, నూనె 3 లీటర్లు పట్టింది. అంటే వంద గ్రాముల పచ్చడిలో ఉప్పు సుమారు 9 గ్రాములు. బీపీ ఉన్నవాళ్లు ఈ లెక్క చూసి ముక్క తీసుకోండి. ఉప్పు తగ్గించి చేయమని ఇద్దరు అడిగారు. తగ్గిస్తే ముక్క మెత్తబడుతుంది, నిల్వ ఉండదు. అందుకని చేయను, ఏమీ అనుకోకండి.

దీన్ని బయటే పెట్టొచ్చు. ఎండ తగలని అల్మారా చాలు, పొయ్యి పక్కన వద్దు. పైన అర అంగుళం నూనె తేలుతూ ఉండాలి, ముక్కకి గాలి తగలకుండా కాపాడేది అదే. మీరు తింటూ పోయేకొద్దీ నూనె తగ్గితే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి. వేడిది పోయొద్దు. పెద్ద సీసా కొన్నవాళ్లు వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుని, పెద్దదాన్ని కదపకుండా ఉంచండి. గంట గంటకీ మూత తీసే సీసాయే ముందు పాడవుతుంది. స్టీలు, అల్యూమినియం డబ్బాల్లో వేయొద్దు, ఉప్పూ పులుపూ లోహాన్ని తింటాయి. గాజు సీసాకి ఇనుప మూత ఉంటే మధ్యలో ఒక పాలిథిన్ ముక్క పెట్టండి.

*గోంగూర పచ్చడి*
250 గ్రాములు ₹160. ఈసారి 22 సీసాలే ఉన్నాయి

గోంగూర ఆకు, వేరుశనగ నూనె, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లి, ఆవాలు, మెంతులు, ఇంగువ.

తయారీ 2025 జూన్ 12. ఫ్రిజ్‌లో అక్టోబర్ 11 వరకు. బయట పెడితే 15 రోజులే.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పోయిన ఏడాది వానల్లో చేసిన బ్యాచ్‌లో 6 సీసాలకి 20 రోజుల్లోనే పైన తెల్లగా బూజు పట్టింది. తప్పు నాదే. ఆకు తడి పూర్తిగా ఆరకముందే వేయించాను. బెంగళూరు ముసురులో ఒక రాత్రికి ఆరుతుందనుకోవడం పొరపాటు. ఆ సీసాలన్నిటికీ డబ్బు వెనక్కిచ్చాను. ఇప్పుడు ఆకుని రెండు రోజులు ఫ్యాన్ కింద గుడ్డ మీద ఆరబెట్టి, మూకుట్లో నూనె విడిగా తేలే దాకా వేయిస్తున్నాను. అయినా సరే, దీనికి ఆరు నెలలని లేబుల్ వేయడానికి నాకు మనసు ఒప్పలేదు, నాలుగే వేశాను.

బూజు కనిపిస్తే పైపైన తీసేసి కింది భాగం తినేయకండి. మన అమ్మలు అలా చేసేవాళ్లు, నాకూ తెలుసు. కంటికి కనిపించేది పైనే అయినా లోపలికీ పాకి ఉండొచ్చు. ఫొటో పంపి సీసా పారేయండి, తేదీ లోపలైతే మరొకటి ఇస్తాను.

ఇంగువ గురించి ఒక మాట. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావరకు మైదా గానీ గోధుమపిండి గానీ కలిసే వస్తుంది. గోధుమ పడని వాళ్లు గోంగూర వద్దనుకోండి, లేదా ఇంగువ లేకుండా చేసిమ్మని అడగండి. ఆవకాయలో ఇంగువ వేయలేదు.

*కందిపొడి*
200 గ్రాములు ₹130

కందిపప్పు, పుట్నాల పప్పు, ఎండుమిర్చి, ఉప్పు, జీలకర్ర, వెల్లుల్లి. 2 నెలలు. గాలి చొరబడని డబ్బాలో బయటే. వేడన్నం గిన్నె మీద డబ్బా వంచి చల్లొద్దు, ఆవిరి లోపలికి పోయి ఉండలు కడుతుంది.

*చేగోడీలు*
250 గ్రాములు ₹150

బియ్యప్పిండి, వేరుశనగ నూనె (వేయించడానికి), పెసరపప్పు, వెన్న, నువ్వులు, ఉప్పు, కారం, జీలకర్ర.

ప్యాకెట్ విప్పకపోతే 21 రోజులు, విప్పాక 7 రోజులు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మెత్తబడతాయి. మెత్తబడ్డవి చెడిపోయినట్టు కాదు, బాణలిలో సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. పాత నూనె వాసన వస్తే మాత్రం ఏం చేసినా లాభం లేదు, పారేయండి. వేయించిన నూనె రెండో వాయికి మించి వాడను. ధర పక్కవాళ్లకన్నా 20 రూపాయలు ఎక్కువగా ఉండడానికి కారణం అదే.

*సున్నుండలు*
10 ఉండలు, 250 గ్రాములు, ₹220

మినప్పప్పు (పొట్టుతో), బెల్లం, నెయ్యి, యాలకులు. 25 రోజులు, బయటే. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి రాయిలా అవుతాయి. బెల్లమే కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని అడుగుతున్నారు. బెల్లమూ చక్కెరే అక్కా, నేను తినమని చెప్పలేను.

పచ్చళ్లకి తడి చెంచా, అన్నం మెతుకు అంటిన చెంచా రెండూ ముట్టనీయకండి. పీజీలో ఉండే పిల్లలకి మరీ మరీ చెబుతున్నాను. ఒకే సీసాలో నలుగురు నాలుగు చెంచాలు పెడతారు, తరువాత నాకు ఫొటో వస్తుంది.

ఊళ్లకి కొరియర్ చేసే ఆవకాయ కవర్లో సీల్ చేసి పంపుతాను. అందిన రోజే కవర్ విప్పి, ఆరిన గాజు సీసాలోకి మార్చండి. గోంగూర కొరియర్ చేయను.

ఆర్డర్లు గురువారం రాత్రి 9 లోపు ఈ నంబర్‌కే. పేరు, ఫ్లాట్ నంబర్, ఏది ఎన్ని అని ఒకే మెసేజ్‌లో పెట్టండి. శనివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు మా గేటు దగ్గర ఇస్తాను. ఖాళీ సీసా కడిగి, ఎండలో ఆరబెట్టి తెస్తే 10 రూపాయలు తగ్గిస్తాను.