గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ మొదటి అధ్యాయం: చెల్లికి రాసిన నోట్సు

బుజ్జీ,

జ్వరం వల్ల ఇంగ్లీషు క్లాసులు పోయాయనీ, సోమవారం పరీక్షంటే టెన్షన్ పడుతున్నావనీ అమ్మ చెప్పింది. మొదటి అధ్యాయం చాలా చిన్నది. కథంతా ఇక్కడ రాస్తున్నాను, టెక్కలిలో మంచం మీదే పడుకుని చదువుకో. ఓపిక వచ్చాక మాత్రం అసలు పాఠం ఒక్కసారైనా చదవాలి.

రాసింది చార్లెస్ డికెన్స్. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా ఆయన సొంత వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందుకే మొదటి వారమే పాఠకుణ్ణి పట్టేసేలా రాశాడు.

కథ చెప్పేది పిప్. అసలు పేరు ఫిలిప్ పిరిప్. చిన్నప్పుడు నోరు తిరక్క పిప్ అనుకున్నాడు, అదే ఉండిపోయింది. అమ్మానాన్నల్ని చూసి ఎరగడు. అక్క, బావ జో దగ్గర పెరుగుతున్నాడు. బావ కమ్మరి. ఇది గుర్తుపెట్టుకో, కథ మలుపు తిరిగేది దాని మీదే.

సాయంత్రం కావస్తోంది, చలి. పిప్ చర్చి పక్క సమాధుల దగ్గర ఒంటరిగా ఉన్నాడు. నాన్న సమాధి మీది అక్షరాల వంపులు చూసి, నాన్న నల్లగా, దిట్టంగా, ఉంగరాల జుట్టుతో ఉండేవాడని ఊహించుకుంటాడు. అమ్మదీ అలాంటి ఊహే. పక్కనే చనిపోయిన ఐదుగురు అన్నదమ్ముల చిన్న చిన్న రాళ్ళు. అవతల చదునైన చిత్తడి నేల, నది, దూరంగా సముద్రం మీంచి కొట్టే గాలి. మన నౌపడా ఉప్పు మడుల వైపు వానాకాలం సాయంత్రం నిలబడితే కనిపించే బయలు లాంటిదనుకో. అంత బయల్లో వణుకుతూ ఏడుపు మొదలుపెట్టిన చిన్న ముద్ద తానేనని పిప్ తెలుసుకుంటాడు.

అంతలో నోరు మూయమని అరుస్తూ ఒకడు సమాధుల మధ్య నుంచి లేస్తాడు. ముతక బూడిదరంగు బట్టలు, కాలికి పెద్ద ఇనుప సంకెల, తలకి పాత గుడ్డ, ఒళ్ళంతా బురద. పిల్లవాణ్ణి తలకిందులు చేసి జేబులు దులుపుతాడు. దొరికింది ఒక రొట్టె ముక్క. ఆబగా తినేస్తాడు. మీ అమ్మ ఎక్కడని అడిగితే పిప్ "అదిగో, అక్కడ" అంటాడు. అతను ఉలిక్కిపడి పరుగందుకోబోతాడు. పిల్లవాడు చూపించింది సమాధి రాయిని!

ఈ చోట ఆగి ఆలోచించు. ఇంతసేపూ మనం పిప్‌తో కలిసి అతనికి భయపడ్డాం. ఒక తల్లి దగ్గర్లో ఉందనేసరికి అతనే హడలిపోయాడు. ఈ అధ్యాయానికి ప్రాణం ఇదేనని నాకు అనిపిస్తుంది.

బావ కమ్మరి అని వినగానే అతను తన కాలి వైపు చూసుకుంటాడు. మర్నాడు పొద్దున్నే ఆకురాయి, తిండి తెచ్చివ్వాలి, ఎవరికీ చెప్పకూడదు అంటాడు. చెబితే గుండె, కాలేయం పీకి తింటాడట. తన వెంట ఇంకా క్రూరమైన కుర్రవాడు ఒకడున్నాడనీ, దుప్పటి ముసుగేసుకున్నా వదలడనీ బెదిరిస్తాడు. పిప్ ఒట్టు వేస్తాడు. అంత భయంలోనూ "అయ్యా" అంటూ మర్యాదగానే మాట్లాడతాడు, వెళ్ళేటప్పుడు శుభరాత్రి కూడా చెబుతాడు. ఆ మనిషి తడిసిన బయలు వైపు చూసి, కప్పగానో పాముచేపగానో పుట్టినా బాగుండేది అంటాడు. వణికే ఒంటిని రెండు చేతులతో కావలించుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోతాడు.

పిప్ వెనక్కి తిరిగి చూస్తే బయల్లో రెండే నిలువు గీతలు: నావికులకు దారి చూపే గుర్తుస్తంభం, ఒకప్పుడు ఒక సముద్రపు దొంగను వేలాడదీసిన కొయ్య. ఆ మనిషి కొయ్య వైపే నడుస్తున్నాడు. చచ్చిన దొంగే లేచి వచ్చి, మళ్ళీ వేలాడ్డానికి వెళ్తున్నట్టుంది. పిప్ భయంతో ఇంటికి ఒకటే పరుగు.

థీమ్స్ అడిగితే మూడు సంగతులు రాయి. మొదటిది అనాథతనం: తన వాళ్ళెవరో రాళ్ళని చూసి తెలుసుకోవాల్సిన పిల్లవాడు. రెండోది శిక్ష: సంకెల, కొయ్య. నేరం ఏమిటో తెలియకముందే దాని శిక్ష కళ్ళ ముందు ఉంది. మూడోది బాగా వివరించు, మార్కులు అక్కడే: భయం, జాలి కలిసే ఉండటం. బెదిరించేవాడు ఆకలితో, చలితో ఉన్నాడు. భయపడిన పిల్లవాడే ఆ వణుకును గమనించాడు. పెద్దయ్యాక చెబుతున్న కథ కాబట్టి, ఆ జాలి అప్పటిదా, తరవాత వచ్చిందా అనేది కూడా ఒక మంచి ప్రశ్న. దొంగతనం చెయ్యాల్సి వస్తుందన్న గుబులు కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఒక జాగ్రత్త. ఆ మనిషి పేరు ఈ అధ్యాయంలో లేదు. ఎక్కణ్ణుంచి తప్పించుకొచ్చాడో కూడా చెప్పలేదు, సంకెలను బట్టి మనమే అర్థం చేసుకోవాలి. గైడులో చూసి పేరు రాసెయ్యకు, "సంకెల ఉన్న మనిషి" అనే రాయి. రెండో అధ్యాయం రేపు రాత్రి రాసి పంపుతాను.

మీ అప్ప
శ్రీకాకుళం