పిల్లల ఫోన్ కంటే ముందు మన ఫోన్

(ఖమ్మం. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు కోసం. నిడివి సుమారు 7 నిమిషాలు. మాట్లాడేది: స్కూల్ కంప్యూటర్ టీచర్.)

[దృశ్యం: ఖాళీ కంప్యూటర్ ల్యాబ్. టీచర్ బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది, చేతిలో ఫోన్.]

నమస్కారమండీ. మీ పిల్లలకు కంప్యూటర్స్ చెప్పే టీచర్‌ని. "మావాడు పొద్దస్తమానం ఫోన్‌లోనే ఉంటాడు మేడం, మీరైనా చెప్పండి" అని ప్రతి మీటింగ్‌లోనూ అడుగుతుంటారు. వాడి సంగతికి తర్వాత వద్దాం. ముందు మన సంగతి చూద్దాం.

[స్క్రీన్ మీద: వాట్సాప్ స్టేటస్‌లో హాల్ టికెట్. వివరాలన్నీ కల్పితం.]

పరీక్షలు వచ్చాయంటే నా ఫోన్ నిండా ఇవే స్టేటస్‌లు. "మా బంగారుతల్లికి ఆల్ ది బెస్ట్" అని పైన, హాల్ టికెట్ కింద. కాస్త దగ్గరగా చూడండి.

[జూమ్. ఒక్కో వివరం చుట్టూ ఎర్ర గీత.]

పాప పేరు. నాన్న పేరు. చదివే చోటు. పరీక్ష సెంటర్. ఫొటో, దాని కింద సంతకం. పోయిన నెల ఇదే నంబర్ నుంచి పుట్టినరోజు స్టేటస్ ఉంది, కేక్ మీద 16 అంకె కొవ్వొత్తి. పుట్టిన తేదీ కూడా దొరికిపోయింది. ఇదంతా పెట్టింది పాప కాదండీ, మనమే.

రెండు రోజుల తర్వాత ఒక ఫోన్ వస్తుంది. "స్కాలర్‌షిప్ సెక్షన్ నుంచి మాట్లాడుతున్నాం, మీ అమ్మాయి ఫలానా, మీరు ఫలానా వారే కదా" అని అన్నీ కరెక్టుగా చెబుతాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసువాడే అయ్యుంటాడని నమ్మేస్తాం. తర్వాత ఓటీపీ అడిగితే మొహమాటపడి చెప్పేస్తాం.

[దృశ్యం: మళ్లీ టీచర్.]

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అని ఉంటుంది. స్టేటస్ ఎవరికి కనిపించాలో, ప్రొఫైల్ ఫొటో ఎవరికి కనిపించాలో అక్కడే మార్చుకోవచ్చు. అకౌంట్ అన్న చోట టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి, ఆరంకెల పిన్ అడుగుతుంది. లింక్డ్ డివైసెస్ కూడా ఒకసారి తెరిచి చూడండి. మీరు ఎప్పుడూ వాడని కంప్యూటర్ ఏదైనా అక్కడ కనిపిస్తే లాగౌట్ కొట్టండి.

ఇక పిల్లల ఇన్‌స్టాగ్రామ్. టీనేజ్ పిల్లల కోసం టీన్ అకౌంట్ అని ఉంది. అది మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ చేయలేరు. 16 ఏళ్లలోపు పిల్లలు ఆ సెట్టింగ్స్‌ను సడలించాలంటే పెద్దవాళ్ల అనుమతి కావాలి. బాగుంది కదా? కానీ ఐదో తరగతిలో అకౌంట్ తెరిచినప్పుడు మనవాడు పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టి ఉంటాడు. ఆ యాప్ లెక్కలో వాడికి పాతికేళ్లు దాటాయి. ఈ రాత్రి వాడి పక్కన కూర్చుని ఆ తేదీ చూడండి. తిట్టకండి. అలా కొట్టని పిల్లవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

[స్క్రీన్ మీద: చాట్‌లో వచ్చిన ఫైల్. పేరు: Wedding Invitation.apk]

ఇప్పుడు మోసాలు. ఈ పెళ్లిపత్రిక చూడండి. పత్రిక అయితే ఫొటోనో పీడీఎఫ్‌నో వస్తుంది. చివర .apk అని ఉంటే అది యాప్. ట్రాఫిక్ చలానా పేరుతో కూడా ఇలాగే పంపుతుంటారు. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది. ఇచ్చామా, మన ఓటీపీలు మనకంటే ముందు వాడు చదువుతాడు. ఎవరు పంపారన్నది చూసి నమ్మకండి, ఆ బంధువు ఫోన్ కూడా అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు.

[స్క్రీన్ మీద: క్యూఆర్ కోడ్, పక్కన యూపీఐ పిన్ అడిగే స్క్రీన్.]

పాత సైకిల్ అమ్ముదామని కుర్రాడు ఆన్‌లైన్‌లో పెడతాడు. కొనేవాడు బేరం కూడా ఆడడు. "తమ్ముడూ, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు పడుతుంది" అంటాడు. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతుంది. గేమ్‌లో డైమండ్స్ సగం ధరకే ఇస్తామనేవాళ్ల సంగతి విడిగా చెప్పక్కర్లేదు, అదీ ఈ తానులో ముక్కే.

ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఇంకొకటి వినాలి. "నీ బ్యాంకు అకౌంట్ కొన్నాళ్లు మాకివ్వు, కమీషన్ ఇస్తాం" అని టెలిగ్రామ్‌లో అడుగుతారు. ఎవరి దగ్గరో దోచిన డబ్బు ఆ అకౌంట్ గుండా తిరుగుతుంది. పోలీసులు ముందు వచ్చేది ఆ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికే. తెలియక ఇచ్చానంటే వినే రోజులు కావండీ.

[దృశ్యం: టీచర్ ఫోన్ బల్ల మీద బోర్లా పెడుతుంది. ఇక్కడ సంగీతం వద్దు.]

ఈ మాట చెప్పడానికే ఈ వీడియో చేశాను. దయచేసి మ్యూట్ తీయండి.

మనవాడికి ఒక అమ్మాయి ఫొటో ఉన్న అకౌంట్ నుంచి రిక్వెస్ట్ వస్తుంది. రెండు రోజులు కబుర్లు. మూడో రోజు రాత్రి వీడియో కాల్, లేదంటే "నా ఫొటో పంపాను, నీదీ పంపు". పంపిన ఐదు నిమిషాలకు గొంతు మారుతుంది. ఆ ఫొటో, దాని పక్కనే వాడి ఫాలోవర్ల లిస్టు. అందులో చెల్లి పేరు, మామయ్య పేరు, క్లాస్ టీచర్ పేరు. "పది వేలు పంపు, లేకపోతే అందరికీ వెళ్తుంది." అమ్మాయిలకైతే ఫొటో పంపకపోయినా చాలు, మామూలు ఫొటోలోని ముఖాన్నే అసభ్యమైన ఫొటోకు అతికించి బెదిరిస్తారు.

అర్ధరాత్రి రెండింటికి ఆ పిల్లవాడు గదిలో ఒక్కడే ఉంటాడు. పక్క గదిలో మీరు ఉంటారు. వాడు తలుపు కొట్టడు. ఎందుకంటే "నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అని బ్లాక్‌మెయిల్ చేసేవాడికంటే మనకే ఎక్కువ భయపడతాడు. మోసగాడి పెట్టుబడంతా ఆ భయమే. డబ్బు కడితే ఆగుతాడా? ఆగడు, వీడు కట్టగలడని తెలిసింది కాబట్టి మళ్లీ అడుగుతాడు.

వాడు చెప్పిన రోజున "ఎందుకు పంపావు" అన్న ప్రశ్న ఆ పూటకు మింగేయండి. చాట్ డిలీట్ చేయనివ్వకండి. అకౌంట్ పేరు, మెసేజ్‌లు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, అన్నీ స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. cybercrime.gov.in లో మహిళలు, పిల్లల మీద నేరాలకు విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల ఫొటోల కోసం Take It Down అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికొక గుర్తు తయారవుతుంది, అందులో చేరిన సైట్లు ఆ గుర్తుతో పోల్చి ఫొటోను తీసేస్తాయి.

[స్క్రీన్ మీద పెద్ద అంకెల్లో: 1930]

డబ్బు పోతే 1930 కి ఫోన్ చేయండి. తెల్లారాక చేద్దాంలే అనుకోకండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు దూకేలోపు ఆపగలిగితేనే దక్కుతుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబర్, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోండి.

మీకే రాగల కాల్ ఒకటి మిగిలింది. పోలీసు ఫొటో డీపీగా ఉన్న వాట్సాప్ కాల్. "మీ అబ్బాయి డ్రగ్స్ కేసులో దొరికాడు." వెనక ఎవరో "నాన్నా" అని ఏడుపు. టెన్షన్‌లో అది మనవాడి గొంతే అనిపిస్తుంది. పెట్టేసి, నేరుగా వాడి నంబర్‌కే చేయండి. ఎత్తకపోతే మాకు చేయండి, క్లాసులో ఉన్నాడో లేడో చూసి చెబుతాం. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి చేసే "డిజిటల్ అరెస్ట్" మన చట్టంలో ఎక్కడా లేదు. ఇలాంటి కాల్ వస్తే మాట్లాడేది నిజంగా వాడేనా అని అడిగి తేల్చుకోవడానికి మా ఇంట్లో నేనూ మా అబ్బాయీ ఒక రహస్య మాట పెట్టుకున్నాం. అది మా వీధి కుక్క పేరు. అయ్యో, ఇంకొకటి పెట్టుకోవాలిప్పుడు, మీకు చెప్పేశాను.

[దృశ్యం: టీచర్ లేచి ల్యాబ్ తలుపు తీస్తుంది.]

శనివారం సాయంత్రం 4 నుంచి 6 దాకా ల్యాబ్ తెరిచే ఉంటుంది. మీ ఫోన్, పిల్లల ఫోన్ రెండూ తెచ్చుకోండి, సెట్టింగ్స్ అక్కడే మార్చుకుందాం. మీ ఫోన్ మీ పిల్లలు చూస్తారు, వాళ్ల ఫోన్ మీరు చూస్తారు. ఛార్జింగ్ పెట్టుకుని రండి, ల్యాబ్‌లో ప్లగ్గులు నాలుగే ఉన్నాయి.