వ్యవహారాల నివేదిక: నరసరావుపేట ఎరువుల వ్యాపారి సాంబశివరావు, 2022 జూన్ 30 నాటికి

నాకు సరుకు అరువిచ్చిన డిస్ట్రిబ్యూటర్లకు, ప్రోనోటు మీద డబ్బు సర్దిన పెద్దలకు, బ్యాంకు వారికి, షాపు ఓనరు గారికి, నా దగ్గర పనిచేసిన ముగ్గురికి నమస్కరించి రాసుకున్నది.

జూలై 18న నరసరావుపేట సీనియర్ సివిల్ జడ్జి గారి కోర్టులో 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టు కింద ఐపీ వేస్తున్నాను. ఆ పిటిషన్‌తో పాటు దాఖలు చేసే నివేదిక ఇదే. కోర్టు నోటీసుతో మొదటిసారి తెలియడం కంటే, నా చేత్తో ఇచ్చిన కాగితం ముందు చూడటం మీకు నేనివ్వాల్సిన కనీస మర్యాద అనిపించింది. ఆడిటర్ గారు, మా గుమాస్తా, నేను పదకొండు రోజులు కూర్చుని పుస్తకాలన్నీ తిరగేసి ఈ లెక్క కట్టాం.

ముందు అసలు సంగతి. తాకట్టు ఏదీ లేకుండా నాకు అప్పిచ్చిన వారికి రూపాయికి సుమారు 33 పైసలు వస్తాయి. అది ఎలా వచ్చిందో కింద ఉంది.

తాకట్టులో ఉన్నవి

బ్యాంకు క్యాష్ క్రెడిట్ బాకీ వడ్డీతో కలిపి 22,40,000. దానికి రెండు హామీలు ఉన్నాయి. షాపు సరుకు హైపోథికేషన్‌లో ఉంది, అమ్మితే 7,80,000 వస్తుందని అంచనా. గోడౌన్ స్థలం దస్తావేజులు కూడా బ్యాంకులోనే ఉన్నాయి, దాని విలువ 11,00,000. రెండూ కలిపి 18,80,000. మిగిలిన 3,60,000కి బ్యాంకు కూడా మీ అందరి వరసలోనే నిలబడుతుంది.

ఇల్లు ఫైనాన్స్ కంపెనీ తాకట్టులో ఉంది. బాకీ 13,50,000, ఇంటికి వచ్చే ధర 21,00,000. వారి బాకీ పోగా మిగిలే 7,50,000 మీది. ఇల్లు నా కష్టార్జితం, నా ఒక్కడి పేరు మీదే ఉంది. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు.

తాకట్టు లేని ఆస్తులు, వాటి నుంచి రాబట్టగలిగేది

రైతుల దగ్గర అరువు బాకీలు (పుస్తకంలో 31,60,000): 8,30,000
ఇంటి మీద మిగులు: 7,50,000
సరుకు తోలే ట్రాలీ ఆటో (పుస్తకంలో 2,30,000): 1,60,000
ఫర్నిచర్, కాటా, కంప్యూటర్ (పుస్తకంలో 90,000): 35,000
చేతిలో, బ్యాంకులో నగదు: 18,000
మొత్తం: 17,93,000
రిసీవర్, కోర్టు, వేలం ఖర్చులకు అంచనా: 93,000
మిగిలేది: 17,00,000
ముందుగా చెల్లించాల్సినవి: 1,60,060
తాకట్టు లేని అప్పులకు మిగిలేది: 15,39,940

నా పేరున ఉన్న జీవిత బీమా పాలసీని ఇందులో చూపలేదు. ఆ సొమ్ము జప్తుకు రాదని వకీలు గారు చెప్పారు. దాచిపెట్టానని ఎవరూ అనుకోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చెల్లించాల్సిన వాటిలో జీఎస్టీ, దాని మీద అపరాధ రుసుము 1,48,000, మున్సిపాలిటీ పన్ను 12,000. ఆ పైన కనిపించే 60 రూపాయలు నా దగ్గర పనిచేసిన ముగ్గురి జీతాలవి. జీతం బాకీలో మనిషికి 20 రూపాయల వరకే ముందు వరసలో ఇవ్వాలని 1920లో చట్టం రాశారు. అప్పట్లో ఇరవై రూపాయలంటే ఎంతో నాకు తెలియదు గానీ, ఇప్పుడు అది రెండు టీల డబ్బు. గుమాస్తాకు మూడు నెలల జీతం 36,000 బాకీ పడ్డాను. ఈ లెక్కన అతనికి చేరేది 12,052. ఈ కాగితంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన అంకె అదే.

తాకట్టు లేని అప్పులు

ఎరువులు, పురుగుమందులు, విత్తనాల డిస్ట్రిబ్యూటర్లు ఐదుగురికి: 19,60,000
ప్రోనోట్లు పదకొండు, వడ్డీతో: 18,20,000
బ్యాంకుకు తాకట్టు చాలక మిగిలింది: 3,60,000
పాడుకున్న చిట్టీకి కట్టాల్సింది: 2,40,000
ముగ్గురి జీతాలు: 89,940
విత్తనాలకు రైతులిచ్చిన అడ్వాన్సులు: 75,000
షాపు అద్దె, నాలుగు నెలలది: 60,000
మొత్తం: 46,04,940

15,39,940ని 46,04,940తో భాగిస్తే రూపాయికి 33.44 పైసలు. తరుగు 30,65,000.

పురుగుమందుల కంపెనీ ఒకటి తనకు 4,90,000 రావాలని ఉత్తరం రాసింది. నేను కట్టిన డీలర్ డిపాజిట్ లక్ష రూపాయలు వారి దగ్గరే ఉంది. రెండు వైపులా ఇచ్చిపుచ్చుకునేది ఉన్నప్పుడు తేడానే లెక్కలోకి వస్తుంది కాబట్టి వారికి 3,90,000 మాత్రమే చూపాను.

ప్రోనోట్లలో అసలు 15,00,000, జూన్ 30 వరకు రెండు రూపాయల వడ్డీ 3,20,000. వడ్డీ ఒక్కొక్కరికి ఒక్కో నెల నుంచి ఆగింది. ఎవరి వడ్డీ తేదీ తేడా ఉన్నా నోటు వెనక జమలతో సరిచూసి చెప్పండి, దిద్దుతాను. రిటైరైన మాస్టారు ఒకరు పింఛను డబ్బులు 3,00,000 ఇచ్చారు. వడ్డీతో 3,60,000 అయింది, ఆయనకు వచ్చేది సుమారు 1,20,000.

రైతుల బాకీలను ఎలా విడదీశాం

మీ 33 పైసలు పెరిగినా తగ్గినా ఇక్కడే. 214 మంది రైతుల దగ్గర నాకు రావాలి. 38 మంది బాకీ 4,20,000 నిక్కచ్చిగా వస్తుంది. పత్తి, వరి వేసినవాళ్ళు, మొన్నటి వరకు ఎంతో కొంత కడుతూ వచ్చినవాళ్ళు. 97 మంది బాకీ 16,40,000 అనుమానం, అందులో పావు వంతే అంటే 4,10,000 చూపాను. 79 మంది బాకీ 11,00,000 మీద ఆశ లేదు, సున్నా వేశాను. ఆ పదకొండు లక్షల్లో 6,20,000 మూడేళ్ళు దాటిపోయి, ఎక్కడా సంతకం తిరగరాయించుకోక కాలదోషం పట్టినవి. సంతకం పెట్టమని అడగడానికి మొహమాటపడ్డాను. ఆ తప్పు పూర్తిగా నాదే.

అనుమానం కింద రాసిన 97 మందిలో ఒకరి సంగతి చెప్తాను. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఖాతాలో 1,84,000 ఉంది. 2021 చివర్లో నల్ల తామర పురుగు పడి పూత మొత్తం రాలిపోయింది. జనవరిలో చెట్లు పీకేశాడు. మార్చిలో షాపుకొచ్చి మూడు వేలు బల్ల మీద పెట్టి, "అన్నా, ఇవి జమ రాసుకో, మిగతాది వచ్చే పంటకి" అన్నాడు. ఈ ఏడు పంట వస్తే అతను కడతాడని నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకాన్ని మీ లెక్కలో ఆస్తిగా వేయలేను. అందుకే పావు వంతు.

ఈ 97 మంది దగ్గర సగం వసూలైతే మీకు రూపాయికి 42 పైసలు వస్తాయి. ఒక్క పైసా రాకపోతే 24.5 పైసలు. వసూలు ఎవరు చేసినా పంట చేతికొచ్చే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య అడగండి, ఇప్పుడు అడిగితే ఖాళీ చేతులే చూపిస్తారు.

సరుకు, ఇల్లు

సరుకు పుస్తకంలో 14,20,000, నేను చూపింది 7,80,000. తేడా ఎక్కువగా గడువు తీరిన పురుగుమందులది, అవి చట్టప్రకారం అమ్మకూడదు. డీఏపీ బస్తాలు 84 ఉన్నాయి, బస్తా 1,350 చొప్పున అవి చెల్లుతాయి. యూరియా 160 బస్తాల్లో 46 రేకు కారి తడిసి రాయిలా గడ్డకట్టాయి. కింద వరసవి లాగితే సంచి చిరిగి చేతికొస్తోంది. వాటికి విలువ వేయలేదు.

ఇంటి ధర 21,00,000 అన్నది పక్క వీధిలో ఈ ఏడు జరిగిన అమ్మకాన్ని చూసి వేసింది. వేలంలో 18,00,000కే పోతే మీ వాటా 27 పైసల లోపుకి పడిపోతుంది. పైగా ఇంటి బాకీకి నెలకు 15,750 వడ్డీ పెరుగుతోంది. ఇల్లు అమ్మడం మూడు నెలలు ఆలస్యమైతే మీకు రూపాయికి ఒక పైసా తగ్గినట్టే. రిసీవర్ గారిని ముందు ఇల్లే అమ్మమని మీరంతా కోరితే నేను అడ్డు చెప్పను, ఖాళీ చేసి తాళాలిస్తాను.

నేను చెప్పాల్సిన ఒక చెల్లింపు

మే 9న మా బావమరిదికి 2,50,000 తిరిగి ఇచ్చాను. అప్పటికి నా పరిస్థితి నాకు తెలుసు. ఇంట్లో ఒత్తిడి తట్టుకోలేక ఆయనకు ముందు కట్టేశాను. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లోపు ఒకరిని మాత్రం ముందు పెట్టి ఇలా కడితే రిసీవర్ దాన్ని రద్దు చేయించవచ్చు. ఆ డబ్బు వెనక్కి వస్తే ఆయన కూడా 2,50,000కి మీ వరసలో చేరతాడు. అప్పుడు రూపాయికి 36.87 పైసలు. ఇంకా వెనక్కి రాలేదు కాబట్టి పై లెక్కలో కలపలేదు. ఆయనతో మాట్లాడుతున్నాను.

తరుగు ఎలా వచ్చింది

2019 ఏప్రిల్ 1న నా సొంత పెట్టుబడి 9,80,000. తర్వాతి రెండేళ్ళ లాభం 5,10,000. నెలకు 18,000 చొప్పున 39 నెలల ఇంటి ఖర్చు 7,02,000 తీసుకున్నాను. 2021 ఏప్రిల్ నుంచి ఈ జూన్ దాకా వడ్డీలతో కలిపి నష్టం 5,15,000. అంటే పుస్తకం ప్రకారం నాకు ఇప్పటికీ 2,73,000 మిగులు ఉండాలి. ఆ మిగులు చూసుకునే ఏడాదిగా కొత్త ప్రోనోట్లు రాశాను, నిజంగానే నిలదొక్కుకుంటాననుకున్నాను. అసలు విలువలు వేసేసరికి రైతు బాకీల్లో 23,30,000, సరుకులో 6,40,000, గోడౌన్ స్థలంలో 1,50,000, ట్రాలీలో 70,000, ఫర్నిచర్‌లో 55,000 పోయాయి. ఖర్చుల 93,000 కలిపితే 33,38,000. అందులోంచి 2,73,000 తీసేస్తే 30,65,000. పైన చూపిన తరుగూ ఇదే.

ఇంకొక్క మాట. ఆస్తులు రూపాయికి 50 పైసలకు తక్కువైతే, అది నా తప్పు వల్ల కాదని కోర్టు ఒప్పుకుంటే తప్ప నాకు ఈ అప్పుల నుంచి పూర్తి విడుదల దొరకదు. అనుమానం బాకీలు సగం వచ్చి, బావమరిది డబ్బు కూడా తిరిగొచ్చినా 45 పైసలే అవుతుంది. ఆ సంగతి తెలిసే ఈ అంకెలు వేశాను. ఖాతా పుస్తకాలు, ప్రోనోట్ల జాబితా, గోడౌన్ తాళం ఆడిటర్ గారి ఆఫీసులో ఉంచాను. జూలై 10 ఆదివారం ఉదయం పదింటి నుంచి నేను అక్కడే ఉంటాను, ఎవరి పేజీ వారు చూసుకోవచ్చు.

పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం. తెలిసి ఏ ఆస్తినీ వదిలేయలేదు, లేని అప్పు చూపలేదు.

సాంబశివరావు
నరసరావుపేట, పల్నాడు జిల్లా
2022 జూలై 4