ఎనుమాముల వాన: మూడో పేరాకు సవరణ

తమ్ముడూ,

బాపు గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. విషయంలో మార్చవలసింది ఏమీ లేదు, వాక్యాలే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎక్కువగా చిక్కుపడ్డ మూడో పేరా ఇది:

"మా బాపు ఆ రోజు చాలా మిర్చి తీసుకొని ఎనుమాముల వెళ్లాడు అప్పుడు నేను కూడా వెళ్తాను అప్పుడు చాలా వాన వస్తుంది మా బాపు తన గొంగడి తీసి బస్తాల మీద కప్పుతాడు చాలా తడిసిపోయి నాకు చాలా బాధ అనిపించింది మా బాపు ఏమీ అనడు నవ్వాడు ఆ నవ్వు ఇప్పటికీ నాకు చాలా గుర్తుంది."

దీన్ని ఇలా దిద్దాను:

"ఆ రోజు మా బాపు పదకొండు బస్తాల మిర్చితో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. అంతలో వాన దంచి కొట్టింది. ఆయన తన గొంగడి తీసి బస్తాల మీద కప్పి, తాను నిలువునా తడిసిపోయాడు. నాకు బాధ అనిపించింది. బాపు ఏమీ అనలేదు, నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది."

జరిగిపోయిన సంగతి కనుక క్రియలన్నింటినీ భూతకాలంలోకి తెచ్చాను. "గుర్తుంది" మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే ఆ గుర్తు ఇవాళ్టిది. "చాలా" ఐదుసార్లు వచ్చింది, ఐదూ తీసేశాను. "చాలా మిర్చి" అంటే ఎంతో చదివేవారికి తెలియదు, అందుకే నీ మొదటి పేరాలో ఉన్న పదకొండు బస్తాలను ఇక్కడికి తెచ్చాను. "తడిసిపోయి నాకు బాధ అనిపించింది" అన్నచోట తడిసింది నువ్వో బాపో తెలియడం లేదు. "తీసి, కప్పి" వంటి అసమాపక క్రియలను ఎన్నయినా వరుసగా పేర్చవచ్చు, తెలుగు వాక్యానికి అది అందమే, కానీ ఆ పనులన్నీ చేసిన కర్త ఒక్కరే అయి ఉండాలి. కర్త మారినచోట వాక్యం ముగించాను. "ఏమీ అనలేదు, నవ్వాడు" అన్నదాన్ని పొడిగించాలని చెయ్యి లాగింది గానీ, అది నీ వాక్యం, దానికి నేను చేర్చగలిగేది లేదు.

ఇక చివరి పేరాలో "బాపు పొద్దున నాలుగింటికే లేస్తాడు, ముందు ఎద్దులకు నీళ్లు పెడతాడు" అని రాశావు. ఆయన పోయి రెండేళ్లయింది కనుక వ్యాకరణం ప్రకారం "లేచేవాడు, పెట్టేవాడు" అని ఉండాలి. మిగతావన్నీ ఎర్ర సిరాతో దిద్దాను, ఈ రెండింటిని మాత్రం పెన్సిల్‌తో రాశాను. అలాగే ఉండాలనుకుంటే చెరిపెయ్యి, నేను మళ్లీ అడగను.

అక్క
హనుమకొండ