గురువారం మీటింగ్‌కి ప్రైసింగ్ స్లైడ్ - మ్యాటర్ మొత్తం ఇందులోనే ఉంది

తమ్మీ, గురువారం కాచిగూడల టిఫిన్ సెంటర్ల ఓనర్లు కూర్చుంటున్నరు కదా, దానికి మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రైసింగ్ స్లైడ్ నువ్వే చెయ్యాలె, పాత పీపీటీల ఉన్న టేబుల్ పక్కకు పెట్టు, అది ఐటీ కంపెనీలకి చూపించేటప్పుడు చేసింది, పద్నాలుగు వరుసలు టిక్కులు క్రాసులు, పొద్దున నాలుగింటికి లేచి పిండి చూస్కునే మనిషి అదంతా చదవడు. వాళ్ళకి కావాల్సింది రెండే, నా కొట్టుకి ఏది, నెలకి మొత్తం ఎంత కట్టాలె.

స్లైడ్ పైన హెడ్డింగ్ ఇట్ల రాయి:

మీకు ఎన్ని కౌంటర్లు ఉన్నాయి? దాన్ని బట్టే ప్లాన్

"మా ప్లాన్లు", "ధరల వివరాలు" అట్లాంటివి వద్దు, హెడ్డింగ్ చదవంగనే మనిషి తన కార్డు దిక్కు చూడాలె.

ఎడమ కార్డు:

సింగిల్
నెలకి ₹590
ఒక్క కౌంటర్
బిల్లు ప్రింట్, బిల్లు మీదే యూపీఐ క్యూఆర్
రాత్రికి రోజు లెక్క మీ వాట్సాప్‌కి

మధ్య కార్డు, మనం రికమెండ్ చేసేది ఇదే:

కౌంటర్ + కిచెన్
నెలకి ₹1,180
మూడు కౌంటర్ల దాకా
సింగిల్‌లో ఉన్నవన్నీ, ఇంకా
ఆర్డర్ కొట్టగానే టోకెన్ కిచెన్‌లో ప్రింట్
పార్సిల్, టేబుల్ లెక్క వేరు వేరుగా
రవ్వ, నూనె, పిండి స్టాక్ ఎంత ఉందో ఫోన్‌లో

కుడి కార్డు:

బ్రాంచీలు
నెలకి ₹2,950
ఐదు బ్రాంచీల దాకా
కౌంటర్ + కిచెన్‌లో ఉన్నవన్నీ, ఇంకా
రేటు ఒక్కచోట మారిస్తే అన్ని బ్రాంచీల్లో మారుతుంది
మీ అకౌంటెంట్‌కి వేరే లాగిన్

కింద ఒక్క లైన్: రేట్లన్నీ 18% జీఎస్టీతో కలిపి. సంవత్సరానికి ఒకేసారి కడితే 10 నెలల డబ్బులే.

రేట్లు మన షీట్‌ల 500, 1,000, 2,500 ఉన్నయి కదా, వాటికి జీఎస్టీ కలిపితే ఇవి. మేనేజర్ సార్ "₹500 అని పెద్దగా వేసి పక్కన చిన్న స్టార్ పెట్టు" అంటడు, ఒప్పుకోకు. కంపెనీలకైతే ప్లస్ జీఎస్టీ అన్నా నడుస్తది, వాళ్ళు మనకి కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తమ జీఎస్టీల తగ్గించుకుంటరు. టిఫిన్ సెంటర్ వాళ్ళు కట్టేది 5% జీఎస్టీ, దాంట్ల ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మన 18% వాళ్ళ జేబుల నుంచే పోతది, తిరిగి రాదు. జీఎస్టీ కంపోజిషన్ స్కీమ్‌ల ఉన్నోళ్ళకీ అంతే. ఐదొందలు అని చెప్పి బిల్లు 590 వస్తే ఆ తొంభై గురించి హాల్‌ల ఒకాయన లేచి అడుగుతడు, ఇగ మిగతా టైమ్ అంతా దాని మీదే పోతది. పైగా మొదట తక్కువ చూపించి చివర్ల కలిపే పద్ధతిని 2023ల కన్స్యూమర్ వాళ్ళ డార్క్ ప్యాటర్న్స్ గైడ్‌లైన్స్‌ల డ్రిప్ ప్రైసింగ్ అని పేరు పెట్టి మరీ రాసిండ్రు, మనకెందుకు ఆ గోల.

మధ్య కార్డు మీద రిబ్బన్‌ల ఏం రాయాలంటే:

రెండో కౌంటర్ ఉంటే ఇదే తీసుకోండి

"మోస్ట్ పాపులర్" అని రాయొద్దు. ఈ ప్లాన్ ఇప్పుడే తెస్తున్నం, ఇంకా ఎవ్వరూ తీస్కోలే, పాపులర్ ఎట్లయితది? కూర్చున్నోళ్ళందరూ ఒకరికొకరు తెలిసినోళ్ళే, "ఎవరెవరు తీస్కున్నరో చెప్పు" అంటే నా దగ్గర జవాబు లేదు. "ఈ రోజే లాస్ట్" కూడా వద్దు. ఎందుకు తీస్కోవాల్నో కారణం రాస్తే చాలు, రెండో కౌంటర్ పెట్టంగనే చీటీ పట్టుకోని కిచెన్‌కి ఉరికే పోరడు ఒకడు కావాలె, ఆ బాధ వాళ్ళకి మనం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొలతలు. స్లైడ్ 16:9, అంటే 13.33 x 7.5 అంగుళాలు. పక్క కార్డులు రెండూ 3.6 వెడల్పు 4.5 ఎత్తు, మధ్యది 4.2 వెడల్పు 5.2 ఎత్తు. ఎడమ అంచు 0.67 వదిలి మొదలుపెట్టు, కార్డుల మధ్య గ్యాప్ 0.3, సరిగ్గా కుడి అంచుకి కూడా అంతే మిగుల్తది. మూడూ సెలెక్ట్ చేసి `Align Middle`, తర్వాత `Distribute Horizontally`, కంటితోని జరపకు. మధ్యది పైకీ కిందికీ సమానంగా పొడుచుకోని రావాలె, ధర అంకెలు మాత్రం మూడింట్ల ఒకే గీత మీద ఉండాలె, `Alt+F9` కొట్టి గైడ్ పెట్టుకో. ధర పక్కవాట్ల 40 పాయింట్లు, మధ్యల 54.

రంగు మధ్య కార్డుకే, ఫిల్ `#0F766E`, అక్షరాలు తెలుపు, రిబ్బన్ `#FACC15` మీద నలుపు అక్షరాలు. పక్కవి తెల్ల కార్డు, సన్నటి బూడిద బార్డర్, అక్షరాలు `#1F2937`. ఇక్కడ చాలామంది చేసేదేందంటే రికమెండ్ చేసేది కొట్టొచ్చినట్టు కనపడాలని మిగతా రెండింటిని లేత బూడిదల పడేస్తరు, ఫంక్షన్ హాల్ ప్రొజెక్టర్ల అవి అసలు కనపడవు. ఒకటే కౌంటర్ ఉన్నోడు కూడా మన కస్టమరే, ఆయన కార్డు ఆయన చదువుకోవాలె, ఆయనకి ₹1,180ది అంటగడితే రెండు నెలల్ల మానేస్తడు. అందుకే సైజు, రంగు, రిబ్బన్, ఈ మూడే చాలు, షాడోలు, గ్లో, బాణం గుర్తు, ఎగిరే యానిమేషన్ ఏవీ వద్దు, పెళ్ళి బస్సుకి లైట్లు పెట్టినట్టు అయితది. అయిపోయినంక `View`ల `Grayscale` కొట్టి చూడు, రంగు లేకున్నా మధ్యదే ముందు కంట్ల పడాలె, ఎందుకంటే దీన్నే బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీసి పంచుతం.

ఫాంట్ `Nirmala UI` వాడు, దాంట్ల బోల్డ్ నిజంగ ఉంటది. బోల్డ్ లేని తెలుగు ఫాంట్‌కి `B` కొడితే అక్షరాలు ఉబ్బి గుణింతాలు వత్తులు ముద్దయితయి. లైన్ స్పేసింగ్ 1.2 పెట్టు, లేకపోతే పైలైన్ వత్తు కిందిలైన్ గుడి దీర్ఘానికి తగుల్తది. ఫీచర్ల లైన్లు 18 పాయింట్లకి తగ్గొద్దు, పట్టకపోతే మాట తీసెయ్, సైజు తగ్గియ్యకు.

నోట్స్‌ల నేను మాట్లాడేది ఇట్ల పెట్టు, మార్చకు:

"అన్నా, అక్కా, మీకు ఒక్క కౌంటరే ఉంటే ఎడమది చాలు, ఎక్కువ కట్టొద్దు. రెండు కౌంటర్లు ఉంటే మధ్యది చూడండి, టోకెన్ నేరుగా కిచెన్‌ల పడుతది, చీటీ మొయ్యాల్సిన పని లేదు. రెండో బ్రాంచి తెరిచినోళ్ళకి కుడిది. ఇక్కడ రాసిన రేటే కట్టేది, పైన ఇంకేం లేదు. ముందు చిన్నది తీస్కోని తర్వాత మారొచ్చు, మధ్యల ఉన్న తేడా మాత్రమే కడ్తరు."

ఆ చివరి మాట అకౌంట్స్ వాళ్ళతోని మాట్లాడిన, ఓకే అన్నరు.

హాల్ వాళ్ళ ల్యాప్‌టాప్ ఏదో తెల్వదు కాబట్టి పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా తియ్, దాన్నే నీ ఫోన్‌ల తెరిచి జూమ్ చెయ్యకుంట చదవొస్తుందా చూడు, మీటింగ్ అయినంక అందరూ వాట్సాప్‌ల పంపమనే అంటరు. బుధవారం నాలుగింటి లోపల నాకు పంపు, ఐదింటికి జిరాక్స్‌కి ఇయ్యాలె.