30 రోజుల కాఫీ గివ్‌అవే: జూన్ 14 రాత్రి వరకు కామెంట్ పెట్టండి, విజేతల ప్రకటన జూన్ 17న

ముగ్గురికి బహుమతులు. ఎంట్రీకి డబ్బు కట్టక్కర్లేదు, కేఫ్‌లో ఏదీ కొనక్కర్లేదు.

మొదటి బహుమతి ఒకరికి: 30 కప్పుల కాఫీ. రోజుకు ఒక కప్పు చొప్పున, 2026 జూన్ 20 నుంచి ఆగస్టు 18 వరకు మీకు వీలైన ఏ 30 రోజులైనా వచ్చి తాగొచ్చు. మెనూలోని ఏ కాఫీ అయినా సరే, వేడిదైనా చల్లదైనా. రెండో బహుమతి ఇద్దరికి: అప్పుడే వేయించిన కాఫీ గింజలు, ఒక్కొక్కరికి 250 గ్రాముల ప్యాకెట్.

పాల్గొనేది ఇలా:

1. ఇన్‌స్టాగ్రామ్‌లో మా పేజీని ఫాలో అవ్వండి. డ్రా అయ్యేదాకా అన్‌ఫాలో కావద్దు.
2. ఈ పోస్ట్ కిందే కామెంట్‌లో, ఇంట్లో కాఫీ దేంతో చేసుకుంటారో రాయండి: ఫిల్టర్, మోకా పాట్, ఫ్రెంచ్ ప్రెస్, ఏదైనా. ఇంట్లో చేసుకోనివాళ్లు "కేఫ్‌లోనే" అని రాస్తే చాలు.
3. అదే కామెంట్‌లో ఒక్క స్నేహితుణ్ణి గానీ స్నేహితురాలిని గానీ ట్యాగ్ చేయండి. మీరు గెలిస్తే, మొదటిసారి మీతో వచ్చినప్పుడు వాళ్లకూ ఒక కాఫీ మా తరఫున.

ఇంట్లో కాఫీ దేంతో చేసుకుంటారని ఊరికే అడగలేదు. గింజల ప్యాకెట్ గెలిచినవాళ్లకు, వాళ్లు వాడే పరికరానికి తగ్గట్టు కౌంటర్ దగ్గరే పొడి చేసి ఇస్తాం. ఫ్రెంచ్ ప్రెస్‌కు బరక పొడి కావాలి; మెత్తటిది వేస్తే జల్లెడ దాటి కప్పులోకి మడ్డి దిగుతుంది, రుచీ చేదెక్కుతుంది. అదే బరక పొడి మోకా పాట్‌లో వేస్తే కాఫీ పలచగా వస్తుంది. పొడి చేశాక వాసన త్వరగా పోతుంది కాబట్టి ముందే చేసి ఉంచం. ఇంట్లో గ్రైండర్ ఉంటే గింజలుగానే తీసుకెళ్లండి, అదే మేలు.

ఒక మనిషికి ఒక్కటే ఎంట్రీ. పది కామెంట్లు పెట్టినా మొదటిదే లెక్క. పైగా ఒకే మాట పదేపదే పెడితే ఇన్‌స్టాగ్రామ్ దాన్ని స్పామ్ అనుకుని దాచేసే అవకాశం ఉంది, అప్పుడు మాకు కనిపించదు. పోస్ట్ చేశాక మీ కామెంట్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. స్టోరీలో షేర్ చేస్తే సంతోషమే కానీ దానికి అదనపు ఎంట్రీ లేదు: ప్రైవేట్ అకౌంట్ల స్టోరీలు మాకు కనపడవు, అందరికీ సమంగా లెక్కపెట్టలేం.

ఎవరు అర్హులు? 2026 జూన్ 5 నాటికి 18 ఏళ్లు నిండి, కేఫ్‌కు స్వయంగా రాగలిగినవాళ్లు. బహుమతిని కొరియర్‌లో పంపం. మా సిబ్బంది, వాళ్ల కుటుంబ సభ్యులు, మాకు గింజలు సరఫరా చేసేవాళ్లు అర్హులు కారు. గివ్‌అవేల కోసమే తెరిచిన ఖాళీ అకౌంట్లను పక్కన పెడతాం.

ఎంట్రీలు జూన్ 5 శుక్రవారం ఉదయం 10 గంటల నుంచి జూన్ 14 ఆదివారం రాత్రి 11:59 వరకు. ఆ తర్వాత వచ్చిన కామెంట్ ఒక్క నిమిషం ఆలస్యమైనా చెల్లదు.

విజేతలను జూన్ 17 బుధవారం సాయంత్రం 6 గంటలకు ఇదే పేజీలో ప్రకటిస్తాం. అంతకుముందు డబుల్ ఎంట్రీలు తీసేసి, మిగిలిన పేర్లకు వరుస నంబర్లు వేసి, కంప్యూటర్‌లో లాటరీ తీస్తాం. జాబితాతో సహా ఆ వీడియో పోస్ట్ చేస్తాం. సమాధానం బాగుందా లేదా అన్నదానితో గెలుపుకు సంబంధం లేదు. ముగ్గురితో పాటు మరో ముగ్గురిని వెయిటింగ్‌లో ఉంచుతాం.

గెలిచినవాళ్లు జూన్ 19 శుక్రవారం సాయంత్రం 6 లోపు మా మెసేజ్‌కు జవాబివ్వాలి, లేకపోతే బహుమతి వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకు వెళ్తుంది. మా మెసేజ్ మీ ఇన్‌బాక్స్‌లో కాకుండా మెసేజ్ రిక్వెస్టుల్లో పడొచ్చు, అక్కడా చూడండి. బహుమతి తీసుకునేటప్పుడు వయసు తెలిపే గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, కాపీ తీసుకోం. గింజల ప్యాకెట్ జూలై 5 లోపు తీసుకెళ్లాలి. బహుమతికి బదులు డబ్బు ఇవ్వం, వేరొకరి పేరుకు మార్చం.

దయచేసి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. గివ్‌అవే నడిచేటప్పుడు మా పేరులో ఒక అక్షరమో చుక్కో మార్చి, మా లోగోతోనే నకిలీ పేజీలు పుట్టుకొస్తాయి. "మీరు గెలిచారు" అంటూ లింక్ పంపుతాయి. మేం లింక్ పంపం. ఓటీపీ, కార్డు నంబర్, డెలివరీ చార్జీ అడగం. జూన్ 17 సాయంత్రం 6 లోపు ఎవరికీ మెసేజ్ చేయం. అలాంటిది వస్తే ఏదీ నొక్కకుండా ఆ అకౌంట్‌ను రిపోర్ట్ చేసి, స్క్రీన్‌షాట్ మాకు పంపండి.

ఈ గివ్‌అవేను ఇన్‌స్టాగ్రామ్ నిర్వహించడం లేదు, స్పాన్సర్ చేయడం లేదు. దీని బాధ్యత పూర్తిగా మాది. సందేహాలుంటే కామెంట్‌లోనే అడగండి, ఒకరికిచ్చిన జవాబు అందరికీ పనికొస్తుంది. సందేహం అడిగిన కామెంట్ ఎంట్రీ కిందికి రాదు, ఎంట్రీ కామెంట్‌ను విడిగా పెట్టండి.